గోడకు బీట: ప్లాస్టింగ్ ఎండి పగిలిందా, పునాది కుంగిందా?

గోడ మీద బీట కనిపించగానే పుట్టీ డబ్బా కొనేవారే ఎక్కువ. దానికి ముందు బీట మీద అరచేతి వెడల్పున ప్లాస్టింగును ఉలితో రాల్చి, లోపలి ఇటుక ఎలా ఉందో చూడాలి. పది నిమిషాలు పట్టే ఈ పనిని ఎందుకో ఎవరూ చేయరు. ఇటుక చెక్కుచెదరకుండా ఉంటే దోషం ప్లాస్టింగుదే. ఇటుక గానీ దాని చుట్టూ ఉన్న సిమెంటు అతుకు గానీ విడిపోయి, అదే బీట గోడ అవతలి వైపు కూడా కనిపిస్తే పునాదిని అనుమానించాలి. పచ్చిగా ఉండగానే కట్టేసిన సిమెంటు దిమ్మెల గోడ మాత్రం ఎండి కుంచించుకుపోయినప్పుడు కూడా రెండు వైపులా పగులుతుంది. అయితే ఆ బీట సాధారణంగా నిటారుగా, పైనా కిందా దాదాపు ఒకే వెడల్పుతో ఉంటుంది.

వెంట్రుక వాసి పగుళ్లు, సాలెగూడు లాంటి గీతలు

ఇవి ప్లాస్టింగు ఎండేటప్పుడు కుంచించుకుపోవడం వల్ల వస్తాయి. కలిపిన మాలులో సిమెంటు ఎక్కువైనా, నాలుగు రోజులైనా నీళ్లు కొట్టకపోయినా వచ్చేవి ఇవే. కట్టిన మొదటి ఏడాదిలో బయటపడి, ఆ తరువాత పెరగకుండా ఆగిపోతాయి. వేలితో తట్టినప్పుడు డొల్ల శబ్దం వస్తే ఆ మేర చెక్కి, సిమెంటు, ఇసుక 1:5 పాళ్లలో కలిపి మళ్లీ ప్లాస్టింగు చేసి, వారం రోజులు తడపాలి. గట్టిగా ఉంటే బీటను ‘వి’ ఆకారంలో కొద్దిగా తెరిచి, దుమ్ము దులిపి, క్రాక్ ఫిల్లర్ నింపితే చాలు. పిల్లరు, ఇటుక గోడ కలిసే చోట వచ్చే నిలువు గీతకు మాత్రం ఫిల్లర్ నిలవదు. అక్కడ ప్లాస్టింగు తీసి, అతుకుకు రెండు వైపులా 15 సెంటీమీటర్ల చొప్పున చికెన్ మెష్ అనే సన్నని ఇనుప వల పరిచి మేకులతో బిగించి, దాని మీద ప్లాస్టింగు చేయాలి.

కిటికీ మూల నుంచి ఏటవాలుగా, మెట్లు మెట్లుగా సాగే బీట

ఒక చివర సన్నగా, మరో చివర వెడల్పుగా ఉండటం పునాది కదిలిందనడానికి గుర్తు. పైన వెడల్పుగా ఉంటే చాలావరకు ఇంటి మూల దిగిందని, కింద వెడల్పుగా ఉంటే మధ్య భాగం దిగిందని అర్థం. దగ్గర్లోని తలుపు గడపకు పట్టేయడం కూడా దీనితోపాటే మొదలవుతుంది.

ప్రతి ఏటా పూడ్చినా తిరిగి వచ్చే బీట

అనుభవమున్న మేస్త్రీలు కూడా పొరబడేది ఇక్కడే. గుంటూరు, కర్నూలు, ఆదిలాబాద్ జిల్లాల్లో విస్తారంగా ఉన్న నల్లరేగడి తడిసినప్పుడు ఉబ్బుతుంది, ఎండినప్పుడు కుంచించుకుపోతుంది. లోతు తక్కువ పునాది దానితోపాటే లేస్తుంది, దిగుతుంది. మనం సున్నాలు, రంగులు వేయించేది ఎక్కువగా దసరాకు. అప్పటికి వానలకు నేల ఉబ్బి, బీట మూసుకుని వెంట్రుకలా కనిపిస్తుంది. రంగులు వేసేవారు అది ప్లాస్టింగు పగులేనని పుట్టీ పెట్టి వెళ్లిపోతారు. మే నెల వచ్చేసరికి అదే బీటలో నాణెం దూరుతుంది.

ఇలాంటి ఒక ఇంట్లో, వేపచెట్టుకు దగ్గరగా ఉన్న వెనక మూల గదిలో బీటకు అటొకటి, ఇటొకటి స్క్రూ బిగించి, వాటి మధ్య దూరాన్ని వెర్నియర్ కాలిపర్స్‌తో కొలిచాము. అక్టోబరులో 80 మిల్లీమీటర్లు ఉన్న దూరం మే నెలలో 83.5కు చేరింది, మరుసటి అక్టోబరుకు 80.3కు దిగింది. నిజంగా కుంగుతున్న పునాది అయితే దూరం పెరుగుతూనే పోయేది, వానాకాలంలో వెనక్కి వచ్చేది కాదు. అందువల్ల ఒక్క నెల కొలతతో తీర్పు చెప్పకుండా ఒక ఎండాకాలం, ఒక వానాకాలం చూడాలి.

ఇలాంటి బీటను ఎండాకాలంలో సిమెంటుతో పూడ్చడం అన్నిటికంటే చెడ్డ పని. వానలకు గోడ మూసుకోబోతే ఆ గట్టి సిమెంటు మేకులా అడ్డుపడి, పక్కన కొత్త బీట పుట్టిస్తుంది. ముందుగా పునాది పక్క నేలలోని తేమ ఏడాది పొడవునా పెద్దగా మారకుండా చూడాలి. అంటే ఇంటి చుట్టూ ఒకటిన్నర మీటరు వెడల్పున, బయటికి వాలు ఉండేలా కాంక్రీటు పరవాలి. కప్పు నీటి గొట్టాన్ని, స్నానాల గది కాలువను గోడకు దూరంగా మళ్లించాలి. పెద్ద చెట్టును ఒక్కసారిగా కొట్టేస్తే నేల ఉబ్బి కొత్త చిక్కు వస్తుంది కాబట్టి ఇంజినీరును అడగకుండా దాని జోలికి పోకూడదు. ఆ తరువాత, బీట మరీ తెరుచుకోకుండా, పూర్తిగా మూసుకోకుండా ఉండే చలికాలంలో, రబ్బరులా సాగే సీలెంటు నింపాలి.

కుంగి ఆగిపోయిన బీట

ఏడాదిపాటు స్క్రూల మధ్య దూరం మారకపోతే గోడను కుట్టవచ్చు. నాలుగు వరుసలకు ఒకటి చొప్పున ఇటుకల అడ్డ అతుకును గాడిగా చెక్కి, బీటకు రెండు వైపులా అర మీటరు చొప్పున సాగేలా తుప్పు పట్టని సన్నని స్టీలు కడ్డీని పెట్టి, కుంచించుకుపోని గ్రౌట్‌తో నింపాలి. దూరం ఇంకా పెరుగుతూనే ఉంటే గోడ మీద పైసా ఖర్చు పెట్టకుండా స్ట్రక్చరల్ ఇంజినీరును పిలవాలి, ఎందుకంటే పని పునాది కింద ఉంది.

స్లాబు కింద అడ్డంగా సాగే గీత కప్పు ఎండకు వ్యాకోచించడం వల్ల, పిల్లరు వెంట తుప్పు మరకతో వచ్చే బీట లోపలి ఇనుము వల్ల వస్తాయి. వాటికి ఈ వైద్యాలేవీ పనిచేయవు.