నిధుల ప్రతిపాదన రాయడం – నాలుగవ పాఠం: హాజరు నుంచి బడ్జెట్‌కు

గత పాఠంలో హైదరాబాదులోని ఒక బస్తీకి అవసర వివరణ రాశాము. 4 నుంచి 7 తరగతుల పిల్లలు 40 మంది సాయంత్రం 5 నుంచి 7 వరకు కమ్యూనిటీ హాలులో కూర్చుని హోంవర్కు చేసుకునే ఉచిత కేంద్రం అది. ఇప్పుడు దానికి ఒక కంపెనీ తన సామాజిక బాధ్యత కింద ఇచ్చే సి.ఎస్.ఆర్. నిధిని అడుగుతూ బడ్జెట్ రాద్దాం.

మొదట తేల్చవలసింది హాజరు. పేరు నమోదు చేసుకున్న 40 మందీ రోజూ రారు. జ్వరాలుంటాయి, ఊరి ప్రయాణాలుంటాయి, ఇంట్లో చంటిపిల్లను చూసుకోవలసిన రోజులుంటాయి. సగటున 30 మంది వస్తారని లక్ష్యంగా రాసి, అల్పాహారాన్ని మాత్రం 40 మందికి లెక్కకడితే, ఆ రెండు పేజీలనూ పక్కపక్కన పెట్టి చదివే అధికారికి తేడా వెంటనే కనబడుతుంది. అందుకే అల్పాహారాన్ని 30 మందికి, రోజుకు 10 రూపాయల చొప్పున, నెలకు 20 రోజులుగా 10 నెలలకు లెక్కిస్తే 60,000 అవుతుంది. నోటుపుస్తకాలు, పెన్సిళ్లు నమోదైన ప్రతి బిడ్డకూ ఇవ్వాలి కాబట్టి అక్కడ 40 మందికి 300 చొప్పున 12,000 వేయాలి.

ఇద్దరు ట్యూటర్లకు నెలకు 6,000 చొప్పున గౌరవ వేతనం 1,20,000. కరెంటు, శుభ్రతకు 8,000. వీటితోపాటు చాలామంది వదిలేసే పద్దు ఒకటుంది. డిసెంబరులో ఆరింటికే చీకటి పడుతుంది, ఆరు, ఏడు తరగతుల ఆడపిల్లలను తల్లులు అప్పటినుంచి పంపడం మానేస్తారు. వారిని గుంపుగా ఇళ్లకు చేర్చే ఆయాకు నెలకు 2,500 చొప్పున 25,000 రాసి, పక్కనే ఈ కారణాన్ని ఒక వాక్యంలో చెప్పాలి. నా దృష్టిలో ఈ బడ్జెట్‌లో అన్నిటికన్నా చివర కోయవలసిన పద్దు ఇదే, ఎందుకంటే ఇది లేకపోతే చలికాలంలో హాజరు లక్ష్యం నిలవదు.

మొత్తం 2,25,000. నమోదైన బిడ్డకు ఏడాదికి 5,625, నిజంగా వచ్చే బిడ్డకు 7,500. రెండు సంఖ్యలనూ ఇవ్వండి. మొదటిది ఒక్కటే ఇస్తే ఖర్చును తగ్గించి చూపినట్లవుతుంది. బస్తీ సంఘం ఉచితంగా ఇచ్చే హాలుకు చుట్టుపక్కల అద్దె నెలకు 3,000 ఉంటే, ఆ 30,000ను స్థానిక వాటాగా వేరే వరుసలో చూపాలి, అడిగే మొత్తంలో కలపకూడదు. వివరం లేని ‘ఇతర ఖర్చులు’ అనే పద్దు ఎక్కడా వద్దు.

సి.ఎస్.ఆర్. నిధిని ఏ పనులకు ఖర్చు చేయవచ్చో చెప్పే కంపెనీల చట్టం (2013) ఏడవ షెడ్యూలులో విద్య ఉన్న అంశమే. అయితే ఈ నిధితో పని చేపట్టే సంస్థ సి.ఎస్.ఆర్.-1 అనే ఫారం ద్వారా కేంద్ర ప్రభుత్వం వద్ద నమోదై, ఆ నమోదు సంఖ్య పొంది ఉండాలి, దానిని ప్రతిపాదన మొదటి పేజీలోనే రాయండి.

అభ్యాసం: కంపెనీ 1,90,000 మాత్రమే ఇస్తానంటే, ఆయా పద్దును ముట్టకుండా ఇదే బడ్జెట్‌ను తిరిగి రాయండి. పిల్లల సంఖ్యను తగ్గిస్తే హాజరు లక్ష్యాన్నీ, అల్పాహారం లెక్కనూ కూడా మార్చండి.