తిరునాళ్లలో మైకు పట్టుకుని ఎగ్‌లెస్ కేకుల గురించి రెండు నిమిషాలు ఎలా మాట్లాడాలి?

నేను మొదటిసారి మాట్లాడినప్పుడు బేకరీ ఎప్పుడు పెట్టామో, ఎంత కష్టపడ్డామో చెప్పుకుంటూ పోయాను. అసలు విషయానికి వచ్చేసరికి ముందు నిలబడ్డవాళ్లలో సగం మంది వెళ్లిపోయారు. వాళ్ల తప్పేం లేదు. జాతరకో ఎగ్జిబిషన్‌కో వచ్చినవాళ్లు నడుస్తూ ఉంటారు, చేతిలో సంచులుంటాయి, పక్కన పిల్లలుంటారు. మీకు దొరికేది రెండు నిమిషాలే అనుకుని రాసుకోండి. రాసింది ఇంట్లో ఫోన్ టైమర్ పెట్టి గట్టిగా చదవండి. సమయం మించితే ముందు బేకరీ చరిత్ర తీసేయండి.

రాసే ముందు జనం మనసులో ఉన్న అనుమానమేమిటో పట్టుకోవాలి. ఎగ్‌లెస్ అనగానే చాలామందికి గట్టిగా, పొడిపొడిగా రాలిపోయే కేక్ గుర్తొస్తుంది. ఆ అనుమానం ఊరికే రాలేదు. గుడ్డు పిండిని పట్టి ఉంచుతుంది, గిలక్కొడితే గాలిని నిలుపుతుంది. దాన్ని తీసేసి మరేదీ సరిగ్గా వేయకపోతే కేక్ అలాగే అవుతుంది. అందుకే ‘మెత్తగా ఉంటుంది’ అని పదిసార్లు చెప్పే బదులు ఒకసారి చూపించండి. కేక్ మధ్యలో వేలితో మెల్లగా నొక్కి వదిలితే గుంట మళ్లీ పైకి లేవాలి. వెన్నతో చేసిన కేక్‌ను ఫ్రిజ్‌లోంచి నేరుగా తెస్తే వెన్న గడ్డకట్టి ఉంటుంది కాబట్టి లేవదు. ఓ గంట ముందే బయట పెట్టండి.

రుచి చూపించడానికి వెనీలానే ఎంచుకోండి. చాక్లెట్ ఘాటు కింద లోపాలు దాగిపోతాయని అనుమానించేవాళ్లకు తెలుసు, వాళ్లను ఒప్పించేది వెనీలానే. కానీ గుడ్డు బదులు పెరుగు, వంట సోడా వేసి చేసే ఈ వెనీలాలో సోడా వాసన కూడా దాగదు. పెరుగులోని పులుపుకి మించి వంట సోడా పడితే సబ్బులాంటి రుచి వస్తుంది. కప్పు పెరుగుకి అర టీస్పూన్ సోడా సుమారుగా సరిపోతుంది. ఆరోజు తెచ్చిన కేక్‌ను పొద్దున్నే మీరు తిని చూడండి. తేడా అనిపిస్తే ఆ ట్రే బయటికి తీయకండి.

ఇక ప్లేట్లు ఎప్పుడు పంచాలన్నది నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం. మొదటే పంచితే ముక్క నోట్లో వేసుకుని వెళ్లిపోతారు. చివరికి ఉంచితే అంతవరకు ఆగరు. నొక్కి చూపించి, అందులో ఏముందో చెప్పి, వెంటనే పంచాలి. ఏముందో చెప్పకుండా మాత్రం పంచకూడదు. అంగుళం ముక్కలు చాలు. అప్పటికప్పుడు కోసి మూత పెట్టండి, గాలికి త్వరగా ఎండిపోతాయి.

మూడు రకాలు మొదలుపెడుతున్న బేకరీ అయితే మాట ఇలా సాగవచ్చు:

“అందరికీ నమస్కారం. కేక్ తినాలని ఉన్నా గుడ్డు ఉంటుందని పక్కన పెట్టేసేవాళ్లు మీ ఇంట్లో ఉన్నారా? వాళ్ల కోసం ఈరోజు నుంచి మూడు ఎగ్‌లెస్ కేకులు తెస్తున్నాం. వెనీలా, చాక్లెట్, ఆరెంజ్. గుడ్డు లేకపోతే గట్టిగా ఉంటుందంటారు కదా, ఇదిగో, నొక్కుతున్నాను. చూశారా, లేచింది! గుడ్డు బదులు ఇందులో పెరుగు వేశాం. మైదా, పాలు, వెన్న కూడా ఉన్నాయి. ఇవేవైనా మీకు పడకపోతే దయచేసి తినకండి. గుడ్డు ఎలర్జీ ఉన్నవాళ్లు తినేముందు నాతో మాట్లాడండి. ఇప్పుడు ప్లేట్లు వస్తున్నాయి, రుచి చూడండి. నచ్చితే నా ఎడమ పక్క టేబుల్ దగ్గర ఆర్డర్ ఇవ్వొచ్చు.”

ఇక్కడ ‘ఆరోగ్యానికి మంచిది’ అన్న మాట లేదు, గమనించండి. గుడ్డు తీసేసినంత మాత్రాన చక్కెర, వెన్న తగ్గవు. గుడ్డు కేకులను తక్కువ చేసే మాట కూడా వద్దు, అవి కొనేవాళ్లూ మీ ఎదురుగానే ఉంటారు. మాట్లాడేటప్పుడు మైకు నోటికి పిడికెడు దూరంలో ఉంచండి. స్పీకర్ ముందుకు వెళ్తే కీచుమంటుంది, దాని వెనకే నిలబడండి.

మాట అయిపోయాక వచ్చే ప్రశ్నల్లో ఒకటి మీరు తప్పక సిద్ధం చేసుకోవాలి. నా దగ్గరికి ఒకావిడ వచ్చి, “మా బాబుకి గుడ్డు పడదండీ, ఇది పెట్టొచ్చా?” అని అడిగారు. మేం గుడ్డు కేకులు కూడా అదే మిక్సర్‌లో కలుపుతాం. ఎంత కడిగినా కాస్త మిగిలిపోవచ్చు, ఎలర్జీ ఉన్న పిల్లాడికి ఆ కాస్తే ప్రమాదం కావచ్చు. అందుకే, “గుడ్డు వేయలేదమ్మా, కానీ గుడ్డు కేకులు చేసే మిక్సర్‌లోనే కలిపాం, బాబుకి పెట్టకండి” అన్నాను. మీకూ విడి పాత్రలు, విడి మిక్సర్ లేకపోతే ఇదే చెప్పండి. ఈ మాటనే పెద్ద అక్షరాలతో రాసి టేబుల్ మీద పెట్టండి. అప్పుడు మీరు మైకు దగ్గర ఉన్నా, మీ పనివాళ్లు అందరికీ ఒకే జవాబు చెప్పగలుగుతారు.