మా క్యాబేజీ మడిలో బీటీ మందు పనిచేసిన తీరు

గుణుపురం దగ్గర మా క్యాబేజీ మడిలో డైమండ్ రెక్కల పురుగు పడితే, బీటీ అనే బ్యాక్టీరియాతో చేసిన మందు పొడిని లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున కలిపి మిట్టమధ్యాహ్నం పిచికారీ చేసి, మర్నాడు పురుగులు కదులుతుండడం చూసి మందు నకిలీదనుకున్నాను. పొరపాటు నాదే. బీటీలో పురుగును చంపేది స్ఫటిక రూపంలో ఉండే ఒక ప్రోటీన్, ఎండలోని అతినీలలోహిత కిరణాలకు అది చెడిపోతుంది. పైగా అది తాకితే చంపే విషం కాదు, పురుగు ఆకుతోపాటు తినాలి.

రెండోసారి, గుడ్లు పగిలి చిన్న పురుగులు కనబడగానే, సాయంత్రం ఆకుల అడుగుభాగం తడిసేలా కొట్టాను. గొంగళి పురుగు పేగులోని గాఢ క్షారంలో స్ఫటికం కరిగి, అక్కడి ఎంజైములు దాన్ని కత్తిరించగా చురుకైన ముక్క పేగు గోడపైనున్న గ్రాహకాలకు అతుక్కొని రంధ్రాలు చేస్తుంది. మర్నాటికి పురుగులు మేత మానేశాయి, మూడో రోజుకు నల్లబడి రాలాయి. మన కడుపులో ఉన్నది ఆమ్లం. అక్కడ ఆ ప్రోటీన్ పప్పులోని ప్రోటీన్‌లాగే అరిగిపోతుంది, అది అతుక్కునే గ్రాహకాలూ మన పేగులో లేవు. పేనుబంకకు మాత్రం ఈ మందు పనిచేయలేదు, ఎందుకంటే అది ఆకును నమలదు, లోపలి రసం పీలుస్తుంది.