పటం థీసిస్‌లో పెట్టే ముందు

గుంటూరులో మిర్చి తెగుళ్ల మీద థీసిస్ రాస్తున్న మా చెల్లి, ఓ జర్నల్‌లోని పటానికి రంగులు మార్చి మళ్లీ గీసింది. "నేనే గీశాను కదక్కా, అనుమతెందుకు?" అంది. గీత తనదైనా అమరిక వాళ్లది. అది అనుసరణే.

- ముందు అసలు పటం కింది వాక్యం చదవండి. అక్కడ రచయితా, ప్రచురణకర్తా కాని వేరొకరి పేరుంటే వాళ్లనే అడగాలి.
- హక్కు చాలాసార్లు ప్రచురణకర్తది. అప్పుడు రచయిత మెయిల్‌లో "సరే" అంటే చాలదు.
- పటం CC BY అనే క్రియేటివ్ కామన్స్ బహిరంగ లైసెన్సుతో వచ్చి ఉంటే అడగక్కర్లేదు, కానీ మూలం, లైసెన్సు, చేసిన మార్పు రాయాలి. మార్పులు ఒప్పుకోని CC BY-ND లైసెన్సు అయితే మార్చిన పటాన్ని బయటపెట్టకూడదు.
- చెల్లి పటానికి అనుమతి వచ్చాక ఇలా రాయించాను: "పటం 3. ఆకుముడత వ్యాప్తి. (రచయిత, సంవత్సరం), పటం 2 నుంచి అనుసరణ, రంగులు మార్చాం. © ప్రచురణకర్త, అనుమతితో." మార్చకుండా పెడితే "అనుసరణ" బదులు "పునర్ముద్రణ".