కణం ఎలా పాకుతుంది? 4వ పాఠం: ఒక కొసన మేట, ఇంకో కొసన కోత

పోయిన పాఠంలో ఇచ్చిన లెక్కను చాలామంది సరిగ్గానే చేశారు. ఆక్టిన్ అనే ప్రోటీన్ అణువులు వరసగా చేరి కట్టే పోగుకు రెండు కొసలూ ఒకలాంటివి కావని, ఒక్కో కొసకు దాని సొంత సందిగ్ధ గాఢత, అంటే చేరేవీ ఊడేవీ సమానమయ్యే గాఢత, ఉంటుందని తేలింది. అది వేగంగా పెరిగే బార్బ్డ్ కొసకు 0.12 µM, నెమ్మదిగా పెరిగే పాయింటెడ్ కొసకు సుమారు 0.6 µM. అయితే ఒక అమ్మాయి మంచి ప్రశ్న అడిగింది: "మాస్టారూ, ఒక కొసన ఎంత పెరిగితే ఇంకో కొసన అంత తరిగిపోతుంటే పోగు పొడవు మారదు కదండీ, మరి కణం ముందుకెలా పోతుందండీ?" ఈ పాఠమంతా ఆ ప్రశ్నకు జవాబే.

మన గోదావరి లంకల్ని చూసినవాళ్లకు ఇది తేలిగ్గా తడుతుంది. వరద వచ్చిన ప్రతిసారీ ఎగువ కొసన ఒడ్డు కోసుకుపోతుంది, దిగువ కొసన మేట వేస్తుంది. పదేళ్ల తర్వాత చూస్తే లంక కిందికి జరిగినట్టుంటుంది. కానీ లంక మధ్యలో పాతిన రాయి ఎక్కడిదక్కడే ఉంటుంది, కాకపోతే కోత దాని దగ్గరికి వచ్చేస్తుంది. ఆక్టిన్ పోగులో జరిగేదీ ఇదే. దీన్నే ట్రెడ్‌మిల్లింగ్ అంటారు. పోగులో చేరిన అణువు కదలదు, పోగు కొసలు కదులుతాయి. ఈ పోలిక ఒక్కచోట సరిపోదు. కోసుకుపోయిన ఇసుక చాలావరకు సముద్రానికి పోతుంది. ఊడిన ఆక్టిన్ మాత్రం కణద్రవంలో కలిసి, కొత్త ఏటీపీ పట్టుకుని మళ్లీ ముందు కొసకు వస్తుంది.

ఆ ఏటీపీ లేకపోతే ఈ ఆట సాగదు. రెండు కొసల్లోనూ అణువు పట్టుకునే బంధం ఒకటే కాబట్టి, ఏటీపీ ఖర్చు కాకపోతే రెండింటి సందిగ్ధ గాఢతా ఒకటే కావాలి. చేరిన కాసేపటికి ఏటీపీ ఏడీపీగా మారడం వల్లే రెండు కొసలకూ తేడా వస్తుంది.

ఇక లెక్కలోకి వద్దాం. సూత్రం మీకు తెలిసిందే:

```
వేగం = k_on × C − k_off
బార్బ్డ్ కొస:    11.6 × C − 1.4
పాయింటెడ్ కొస:  1.3 × C − 0.8
```

k_on చేరే రేటు, k_off ఊడే రేటు. C అంటే విడి ఆక్టిన్ గాఢత, అది µM లో, వేగం సెకనుకు అణువుల్లో. పోగు పొడవు మారకూడదంటే రెండు వేగాలూ కలిపితే సున్నా రావాలి. 12.9 × C = 2.2, అంటే C = 0.17 µM. దాన్ని మొదటి వరుసలో పెడితే సెకనుకు 0.58 అణువు చేరుతుంది, రెండో వరుసలో పెడితే సరిగ్గా అంతే ఊడుతుంది. ఒక్కో అణువు పోగుకు 2.7 నానోమీటర్ల పొడవు కలుపుతుంది. కాబట్టి వేగం నిమిషానికి సుమారు 0.09 మైక్రోమీటర్లు. నిజానికి ఇంకా తక్కువే వస్తుంది. వెనక కొసన ఉండేది ఏడీపీ ఆక్టిన్, అది సెకనుకు 0.27 చొప్పునే ఊడుతుంది. మనం తేలిక కోసం ఏటీపీ అంకెలే వాడాం.

ఇప్పుడు నిజంగా పాకే కణాన్ని చూద్దాం. బతికున్న తిలాపియా చేప పొలుసు ఒకటి పట్టకారుతో లాగి, రెండు గాజు పలకల మధ్య పోషక ద్రవంలో పెడితే కొన్ని గంటల్లో పొలుసు అంచు నుంచి కెరటోసైట్లు అనే చర్మ కణాలు పాకుతూ బయటికి వస్తాయి. మైక్రోస్కోపు కింద ఒక్కోటీ అర్ధచంద్రాకారంలో కనిపిస్తుంది. ముందు వెడల్పైన పలుచని రేకు, వెనక మధ్యలో బొడిపెలాంటి కణం ఒళ్లు. ఆ రేకు నిండా ఆక్టిన్ పోగుల వల, వాటి బార్బ్డ్ కొసలన్నీ ముందంచు వైపే. ఈ కణం నిమిషానికి 15 మైక్రోమీటర్లు పాకుతోంది అనుకుందాం. అంటే సెకనుకు 250 నానోమీటర్లు, సెకనుకు 93 అణువులు. మనకొచ్చిన 0.58 కి ఇది 160 రెట్లు!

ఈ తేడా ఎలా పూడుతుంది? సూత్రాన్నే తిప్పి చూడండి. సెకనుకు 93 చేరాలంటే C = 94.4 ÷ 11.6, అంటే సుమారు 8 µM ఏటీపీ ఆక్టిన్ ముందంచు దగ్గర సిద్ధంగా ఉండాలి. కణంలో ఆక్టిన్ అంతకంటే చాలా ఎక్కువే ఉంది. కానీ బార్బ్డ్ కొసలన్నీ తెరిచి ఉంటే అవే తినేసి C ని 0.17 దగ్గరికి దించేస్తాయి.

అందుకే కణం ముందుగా చాలా కొసల్ని మూసేస్తుంది. క్యాపింగ్ ప్రోటీన్ బార్బ్డ్ కొసల మీద మూతలా కూర్చుంటుంది. పొలాలకు పోయే తూముల్లో ఎక్కువ భాగం మూసేస్తే తెరిచిన నాలుగింట్లోంచి నీళ్లు జోరుగా పోతాయి కదా, అలాగే మిగిలిన కొద్ది కొసలకు అణువులు ఎక్కువ అందుతాయి. ఎంత ఎక్కువ? దీనికో పరిమితి ఉంది. C 0.6 దాటితే పాయింటెడ్ కొసలు కూడా పెరగడం మొదలుపెడతాయి, ఊడి వచ్చేది ఆగిపోతుంది. C = 0.6 దగ్గర వేగం 11.6 × 0.6 − 1.4, అంటే సెకనుకు 5.6. పది రెట్లు పెరిగింది, ఇంకా 93 మాత్రం రాలేదు.

మిగతా పని వెనక జరగాలి. కోఫిలిన్ అనే ప్రోటీన్ ఏడీపీ ఉన్న పాత పోగుల్ని పట్టుకుని విరిచేస్తుంది. విరిగిన ముక్కలు త్వరగా కరిగి అణువులౌతాయి. ప్రొఫిలిన్ వాటిలోని ఏడీపీ స్థానంలో ఏటీపీ వచ్చేలా చేస్తుంది, పాయింటెడ్ కొసకు చేరనివ్వకుండా బార్బ్డ్ కొసకే అప్పగిస్తుంది. దాంతో ఇందాకటి 0.6 పరిమితి తొలగిపోతుంది. ముందు ఎంత వేగంగా కట్టాలో వెనక అంత వేగంగా కూల్చాలి. నా లెక్కలో ఈ పాఠంలో గట్టిగా పట్టుకోవాల్సింది ఇదే. చాలామంది ముందంచునే చూస్తారు, అడ్డం పడేది వెనక కొస.

ముందంచులో కొత్త కొమ్మలు వేసే పని Arp2/3 ది, దాని సంగతి తర్వాతి పాఠంలో చూద్దాం. ఈ ప్రోటీన్లన్నీ శుద్ధి చేసి గాజు పలక మీద ఆక్టిన్‌తో కలిపితే లిస్టీరియా బ్యాక్టీరియా వెనక ఆక్టిన్ తోక కట్టి దాన్ని ముందుకు నెట్టడం 1999లో చూశారు. ఆ మిశ్రమంలో కోఫిలిన్, క్యాపింగ్ ప్రోటీన్, Arp2/3 తప్పనిసరి. మయోసిన్ మోటారు అక్కర్లేకుండానే తోస్తుందని అక్కడ రుజువైంది.

ఇక కణంలో అణువులు నిజంగానే నిలబడి ఉన్నాయని ఎలా తెలుసు? 1991లో థెరియట్, మిచిసన్ చేపల కెరటోసైట్లలోకి మెరిసే ఆక్టిన్ ఎక్కించారు. వెలుగు పడినప్పుడే మెరిసేలా తయారుచేసిన ఆక్టిన్ అది. ముందంచు వెనక ఒక సన్నని గీతను వెలిగించి చూశారు. కణం ముందుకు పోతూనే ఉంది, గీత నేల మీద కదలకుండా నిలబడింది, మెల్లగా మసకబారింది. సగం మెరుపు పోవడానికి సుమారు 23 సెకన్లు పట్టింది. మన కణమైతే ఆ 23 సెకన్లలో 5.75 మైక్రోమీటర్లు ముందుకు పోతుంది. లంకలో పాతిన రాయి అంటే ఇదే.

కానీ అన్ని కణాల్లో గీత నిలబడదు. నేల మీద పట్టు సరిగా లేకపోతే, కట్టిన పోగుల వల వెనక్కి జారుతుంది, కణం ఉన్నచోటే తంటాలు పడుతుంది. అప్పుడు కణం వేగం = పెరుగుదల వేగం − జారుడు వేగం. కణం నెమ్మదిగా పాకుతుంటే వెంటనే "ఆక్టిన్ పెరగడం లేదు" అనేయకండి. ముందు గీత ఏం చేస్తోందో చూడాలి. గీత నిలబడి ఉండి కణం నెమ్మదిగా ఉంటే పెరుగుదల తగ్గినట్టు. గీత వెనక్కి జారుతుంటే పట్టు తప్పినట్టు.

ఈ వారం లెక్క: ఒక కెరటోసైట్‌లో సెకనుకు 93 అణువులు చేరుతున్నాయి, కానీ ముందంచు నిమిషానికి 9 మైక్రోమీటర్లే కదిలింది. గీత ఎటు, నిమిషానికి ఎంత దూరం జారి ఉండాలి? ఇంకో కణానికి లాట్రంక్యులిన్ ఇచ్చాం, అది విడి అణువుల్ని పట్టేసి పోగులో చేరనివ్వదు. ఆ కణంలో ముందంచు ఆగిపోతే, అప్పటికే వెలిగించిన గీత మెరుపు తగ్గకుండా అలాగే నిలుస్తుందా, మసకబారుతూనే ఉంటుందా? కారణంతో సహా రాసి తీసుకురండి.