సర్వర్ ఆపే ముందు కస్టమర్లకు పంపే మెసేజ్‌లో ఒక్క మాట

నేను పనిచేసే చిన్న బ్యాంకులో మెయింటెనెన్స్ నోటీసులు రాసేది నేనే. ఒకసారి "ఆదివారం రాత్రి 12:30 నుంచి 3:30 వరకు సేవలు ఉండవు" అని పంపాను. సిస్టమ్ లెక్కలో ఆదివారం 12:30 అంటే శనివారం అర్ధరాత్రి దాటాక. మనవాళ్లకేమో ఆదివారం పడుకునే వేళ. శనివారం రాత్రి బస్సు టికెట్లు బుక్ చేయబోయి ఇరుక్కున్నవాళ్ల ఫోన్లు తెల్లారేదాకా మోగాయి.

అందుకే ఇప్పుడు రెండు రోజుల పేర్లూ రాస్తాను:

"14వ తేదీ శనివారం రాత్రి, తెల్లవారితే ఆదివారం, 12:30 నుంచి 3:30 వరకు మా బ్యాంకు ఖాతా నుంచి యూపీఐ, మా మొబైల్ యాప్ పనిచేయవు. ఏటీఎంలో డబ్బు తీసుకోవచ్చు. ఆ సమయంలో చెల్లింపు ఉంటే, శనివారం సాయంత్రంలోగా మీ యూపీఐ యాప్‌లో ఇంకో బ్యాంకు ఖాతా కలుపుకోండి."

ఏది ఆగుతుందో చెప్పి ఊరుకుంటే చాలదు, ఏది నడుస్తుందో కూడా రాయాలి. అయితే ఏటీఎం సంగతి టెక్నికల్ టీమ్‌ను అడిగాకే రాయండి, కొన్నిసార్లు అదీ ఆగుతుంది. ప్రత్యామ్నాయం ముందే చేసుకోవాల్సిన పనైతే గడువు తప్పనిసరి. అర్ధరాత్రి అప్పటికప్పుడు ఖాతా కలుపుకోమంటే ఎవరి వల్ల అవుతుంది?

ఇంకొకటి. "పెండింగ్ అని వస్తే మళ్లీ పంపకండి, సేవలు తిరిగి మొదలయ్యాక ముందు బ్యాలెన్స్ చూసుకోండి" అని చివర కలపండి. కంగారులో రెండుసార్లు నొక్కేవాళ్లే ఎక్కువ. మెసేజ్ రెండు రోజుల ముందు ఒకసారి, ఆ సాయంత్రం ఇంకోసారి పంపుతాను.