ప్లాస్టిక్ డబ్బాలో ఊరగాయ జిడ్డు, వాసన పోవడం లేదా? కారణం ఎక్కడుందో ఇలా పట్టుకోండి

ఊరగాయ అయిపోయిన ప్లాస్టిక్ డబ్బాను ఎంత తోమినా రెండు మిగిలిపోతాయి. ఒకటి వేలికి తగిలే జిడ్డు, రెండోది మూత తీయగానే ముక్కుకు కొట్టే వాసన. ఈ రెండూ ఒకటే అనుకుని, వాసన పోలేదు కదా అని ఇంకాస్త గట్టిగా తోముతాం. కానీ జిడ్డు ఉండేది ప్లాస్టిక్ పైన, వాసన ఉండేది ప్లాస్టిక్ లోపల. జిడ్డు సరిగ్గా కడిగితే ఒక్క పూటలో పోతుంది. వాసన మాత్రం కడిగితే పోదు, దానంతట అది బయటికి వచ్చేలా చేయాలి. ఏది మిగిలిందో తెలుసుకోకుండా మొదలుపెడితే సబ్బూ, శ్రమా రెండూ వృథా.

ముందు డబ్బా అడుగు చూడండి

అడుగున చిన్న త్రిభుజంలో ఒక అంకె ఉంటుంది. 5 ఉంటే పాలీప్రొపిలీన్. కాస్త పాలరంగులో, నొక్కితే కొంచెం వంగేలా ఉండే డబ్బాలు ఎక్కువగా ఇవే. మరుగుతున్న నీళ్లు పోసినా తట్టుకుంటాయి. 1 ఉంటే పెట్ ప్లాస్టిక్, గాజులా తళతళలాడుతుంది. ఇది సుమారు 70 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది కాబట్టి వేడి నీళ్లు పోస్తే డబ్బా వంకరపోయి, మూత ఇక పట్టదు. దీనికి చేయి పెట్టగలిగేంత వేడి చాలు. 7 ఉన్నా, అసలు అంకే లేకపోయినా పెట్ లాగే జాగ్రత్తగా చూసుకోండి.

వాసన విషయంలో మాత్రం ఇది తలకిందులు. వేడికి తట్టుకునే పాలీప్రొపిలీనే వాసనను ఎక్కువగా పీల్చుకుంటుంది. పెట్ అంతగా పీల్చుకోదు. కాబట్టి పెట్ డబ్బా కడిగాక కూడా వాసన వస్తోందంటే, ముందు మూతను అనుమానించండి.

సమస్య: రెండు మూడుసార్లు కడిగినా డబ్బా జారుతూనే ఉంది

చాలాసార్లు తప్పు సబ్బుది కాదు, వరసది. ఖాళీ డబ్బాను ముందు కుళాయి కింద పెట్టి, తర్వాత సబ్బు వేస్తాం. పాలీప్రొపిలీన్‌కు నూనె అంటే ఇష్టం, నీళ్లంటే పడదు. నీళ్లు ముందు పోస్తే నూనె కదలదు, తర్వాత వేసే సబ్బు మాత్రం ఆ నీళ్లలో పలచబడి, నూనెను చేరేసరికి బలం తగ్గిపోతుంది.

అందుకని పొడి డబ్బాతో మొదలుపెట్టండి. మిగిలిన నూనెను టిష్యూతోనో పాత న్యూస్‌పేపర్‌తోనో తుడిచేయండి. నూనె బాగా ఎక్కువగా ఉంటే రెండు చెంచాల పొడి పిండి ఏదైనా చల్లి, వేళ్లతో అద్ది, దులిపేయండి. ఆ పిండి నూనెను పట్టుకుని ముద్దలు ముద్దలుగా వచ్చేస్తుంది. ఇప్పుడు గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చెంచా, నీళ్లు కలపకుండా, లోపలంతా మెత్తటి స్పాంజ్‌తో పూయండి. మూత పట్టే మరల దగ్గర పాత టూత్‌బ్రష్ వాడండి, జిడ్డు ఎక్కువగా దాక్కునేది అక్కడే. ఐదు నిమిషాలు వదిలేసి, ఆ తర్వాతే డబ్బా తట్టుకునేంత వేడి నీళ్లు పోసి కడగండి. నురగ తెల్లగా కాకుండా నారింజ రంగులో పాలలా వస్తే నూనె కదులుతోందని అర్థం. ఇంకోసారి ఇలాగే చేస్తే రెండోసారి నురగ తెల్లగా వస్తుంది.

వేడి నీళ్లు పోసి, మూత బిగించి గిలకొట్టకండి. లోపలి గాలి వేడెక్కి వ్యాకోచించి మూతను ఎగదన్నుతుంది, వేడి సబ్బునీళ్లు ముఖం మీదకి చిమ్ముతాయి. స్టీలు పీచు కూడా వద్దు. అది గీసే ప్రతి గీతా తర్వాతి ఊరగాయ నూనెకు దాక్కునే చోటవుతుంది. ఎన్నేళ్లుగానో స్టీలు పీచుతో తోమిన డబ్బాలే అన్నిటికంటే ఎక్కువ జిడ్డు పడతాయి.

జిడ్డు పోయిందో లేదో ఎలా తెలుస్తుంది? స్టీలు గిన్నెలైతే నీళ్లు చుక్కలు కట్టకుండా పరుచుకుంటే శుభ్రమైనట్టే. పాలీప్రొపిలీన్ మీద ఆ లెక్క పనికిరాదు, ఎంత శుభ్రంగా ఉన్నా నీళ్లు చుక్కలు కడతాయి. దానికి బదులు డబ్బాను పూర్తిగా ఆరబెట్టి, తెల్లటి టిష్యూతో లోపలి గోడను గట్టిగా రుద్ది, వెలుతురుకు పట్టి చూడండి. టిష్యూ మీద ఎక్కడైనా వెలుతురు దూరే మచ్చ కనిపిస్తే నూనె ఇంకా ఉన్నట్టే.

సమస్య: జారడం లేదు, వేలికి బంకలా అంటుకుంటోంది

ఇది మామూలు నూనె కాదు. నెలల తరబడి గాలి తగిలిన నూనె గట్టిపడి వార్నిష్ పూతలా మారుతుంది. ఎక్కువగా డబ్బా మూతి అంచున, నూనె మట్టానికి పైన, పసుపుపచ్చ గోధుమ రంగు పట్టీలా కనిపిస్తుంది. సబ్బు దీని మీద పెద్దగా పనిచేయదు.

వినడానికి వింతగా ఉన్నా, ముందు దాని మీద కొత్త వంటనూనె రాయండి. ఒక చెంచా నూనె దూదితో ఆ పట్టీ అంతా పూసి అరగంట వదిలేస్తే పాత బంక మెత్తబడుతుంది. గోటితో గీకి చూస్తే తెలుస్తుంది, ముందు జారిపోయిన గోరు ఇప్పుడు దాన్ని మడ్డిలా పోగుచేస్తుంది. దాన్ని తుడిచేసి, పైన చెప్పినట్టు పొడి మీదే లిక్విడ్ పూసి కడగండి.

అయినా మిగిలితే డబ్బా తట్టుకునేంత వేడిగా ఉన్న లీటరు నీళ్లలో ఒక పెద్ద చెంచా చాకలి సోడా కలిపి గంటసేపు నానబెట్టండి. వంట సోడా కాదు, దానికి ఈ పని చేసేంత క్షారం లేదు. చేతులకు గ్లవ్స్ వేసుకోండి, అల్యూమినియం మూతలను అందులో వేయకండి. 7 అంకె ఉన్న గట్టి, పారదర్శకమైన డబ్బాలకూ ఇది వాడొద్దు, ఆ అంకె కింద వచ్చే పాలీకార్బొనేట్ క్షారానికి పాడవుతుంది.

సమస్య: టిష్యూకు మచ్చ పడటం లేదు, వాసన మాత్రం పోలేదు

ఇక్కడే మనం ఎక్కువగా అలసిపోతాం. వెల్లుల్లి, ఇంగువ వాసనలకు మూలం గంధకం ఉన్న పదార్థాలు. ఇవి నూనెలో ఇట్టే కరుగుతాయి. పాలీప్రొపిలీన్ కూడా నూనెలాంటిదే కాబట్టి నెలల తరబడి ఆనుకుని ఉంటే మెల్లమెల్లగా దాని గోడలోకి ఇంకిపోతాయి. సబ్బు పైపైనే పనిచేస్తుంది, గోడలోకి వెళ్లలేదు. అవి ఎలా లోపలికి వెళ్లాయో అలాగే నెమ్మదిగా బయటికి రావాలి. అందుకు కావలసినవి వెచ్చదనం, కదిలే గాలి, కొన్ని రోజులు.

వెనిగర్, నిమ్మరసం ఇక్కడ దండగ. ఊరగాయే పుల్లటిది, దాని వాసన మీద ఇంకో పులుపు చేసేదేమీ ఉండదు. వెనిగర్, వంట సోడా కలిపి పొంగిస్తే ఇంకా దండగ, రెండూ ఒకదాన్నొకటి చంపేసుకుని దాదాపు ఉత్త నీళ్లే మిగులుతాయి. వెనిగర్‌ను బ్లీచింగ్ ద్రావణంతో మాత్రం ఎప్పుడూ కలపకండి, విషపూరితమైన క్లోరిన్ వాయువు వస్తుంది.

ఏం చేయాలో చెప్పేముందు మా ఇంట్లో జరిగింది చెప్తాను. ఎనిమిది నెలలు వెల్లుల్లి ఊరగాయ ఉన్న లీటరు డబ్బా అది, అడుగున 5 అంకె. బాగా కడిగాననుకుని చక్కెర పోశాను. నాలుగో రోజు టీలో వెల్లుల్లి వాసన. చక్కెర పారబోసి, డబ్బాను మళ్లీ రెండుసార్లు తోమినా అంతే. అప్పుడు డబ్బా నోటిని ఒక పళ్లెంతో మూసి, మూత మీద ఒక గిన్నె బోర్లించి, విడివిడిగా ఒక రాత్రి ఉంచాను. పొద్దున్నే పళ్లెం తీసి వాసన చూస్తే డబ్బాలో కొద్దిగానే ఉంది. మూత మీది గిన్నె ఎత్తగానే గుప్పుమంది.

మూతలో ఒక సిలికాన్ రింగు ఉంది. చెంచా కాడతో పైకి లేపి లాగితే ఊడొచ్చింది. దాని కింద గాడి పొడవునా ఎర్రటి నూనె గీత, ఒకటి రెండు ఆవగింజల తొక్కలు. ఎనిమిది నెలల ఊరగాయ అక్కడే కాపురం ఉంది, నేను డబ్బాను తోముతున్నాను! గాడిని టూత్‌బ్రష్‌తో శుభ్రం చేశాను. రింగును లిక్విడ్ పూసి కడిగి, పది నిమిషాలు నీళ్లలో మరిగించాను. సిలికాన్ ఆ వేడికి తట్టుకుంటుంది, రబ్బరు రింగైతే మరిగించకుండా వేడి నీళ్లలో నానబెట్టడం మంచిది.

డబ్బా సంగతికి వస్తే, మరిగిన నీళ్లు నిండా పోసి, మూత పెట్టకుండా చల్లారేదాకా వదిలేసి, పారబోసి, మళ్లీ పోశాను. ఒక పూటలో మూడుసార్లు. వేడికి ప్లాస్టిక్ గోడలోని వాసన త్వరగా కదులుతుంది. తర్వాత తుడిచి, డబ్బా, మూత, రింగు మూడూ వేర్వేరుగా గాలి తగిలే చోట ఎండలో పెట్టాను. రెండో రోజు సాయంత్రం డబ్బాలో వాసన పోయింది. మూతకు ఐదు రోజులు పట్టింది. రింగు వాసన మాత్రం వారం తర్వాత కూడా కొద్దిగా మిగిలింది, దాన్ని పక్కన పెట్టేశాను. సిలికాన్ వాసనను అంత గట్టిగా పట్టుకుంటుంది.

ఎండ లేని రోజుల్లో, పొడిగా ఉన్న డబ్బాలో నలిపిన న్యూస్‌పేపర్ కుక్కి, మూత బిగించి, రోజూ కాగితం మార్చండి. కొంత పీల్చుకుంటుంది. యాక్టివేటెడ్ చార్‌కోల్ దొరికితే ఇంకా మేలు. కాఫీ పొడి ఎక్కువగా వాసనను కప్పేస్తుందే తప్ప పెద్దగా తీయదు, దాంతో పోయిందనుకుని మోసపోవద్దు.

మీ డబ్బా మూత రెండు పొరలుగా ఉండి, ఊపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు వస్తే, ఆ రెండు పొరల మధ్యకు చేరింది బయటికి రాదు. ఆ మూత మార్చుకోవడమే.

సమస్య: ఎర్రటి రంగు మిగిలింది

ఇది మిరపకాయ రంగు, మురికి కాదు. నూనెతోపాటు ప్లాస్టిక్‌లోకి ఇంకింది. ఎండకు విరిగిపోయే రంగు కాబట్టి రెండు మూడు రోజులు నేరుగా ఎండ తగిలితే చాలావరకు తేలిపోతుంది. పోకపోయినా నష్టం లేదు.

సమస్య: ఊరగాయ వాసన కాదు, పాత పెయింటులాంటి వాసన

మిగిలిన నూనె ముక్కిపోయిందని అర్థం. ఇలాంటప్పుడు వంట సోడా పనికొస్తుంది, ఎందుకంటే ముక్కిన నూనె వాసనలో కొంత భాగం ఆమ్లాలది. ముందు జిడ్డు పూర్తిగా తీసేసి, లీటరు గోరువెచ్చటి నీళ్లలో రెండు పెద్ద చెంచాల వంట సోడా కలిపి రాత్రంతా నింపి ఉంచండి. పొద్దున్నే కడిగి ఆరబెట్టి, మూత పెట్టి ఒక రాత్రి ఆగి వాసన చూడండి. అయినా అలాగే ఉంటే, ముఖ్యంగా లోపలి గోడ గీతలతో గరుకుగా మారిపోయి ఉంటే, అందులో ఇక తినేవి పెట్టకండి. మేకులకో, బట్టల క్లిప్పులకో వాడుకోండి.

వాసన పోయిన డబ్బాను కూడా ఖాళీగా దాచేటప్పుడు మూత బిగించవద్దు. గోడలో మిగిలిన కాస్త వాసన మూసిన డబ్బాలో పోగై, నెల తర్వాత తెరిచేసరికి మొదటికొచ్చినట్టు అనిపిస్తుంది.